పర్సెంట్ సరే, మూడేళ్ల హిసాబ్ ఎంత?

బాడుగ ఇల్లు వెతికేటప్పుడు మనవాళ్లు అడిగేవి రెండే మాటలు. "నెలకెంత?" "ఏడాదికి ఎంత పర్సెంట్ పెంచుతారు?" మూడో మాట, అంటే "మూడేళ్లకు కలిపి మేం ఎంత కడతాం?" అని అడిగినవాణ్ణి మా ఖాందాన్‌లో నేను ఇంతవరకు చూడలేదు. బక్రీద్‌కు బక్రా కొనేటప్పుడు పళ్లు చూసి, వీపు నిమిరి, వంద రూపాయల దగ్గర అరగంట నిలబడే మన పెద్దలు, దాదాపు నాలుగు లక్షల సౌదా మీద మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టకముందే దస్తఖత్ చేసేస్తారు. పైగా "ఐదు పర్సెంటే అన్నాడు, మంచి మాలిక్" అని దువా కూడా చేస్తారు.

నా రాయ్ ఒక్కటే. పర్సెంట్ మీద బేరం ఆడకండి, మొత్తం మీద ఆడండి. కాగజ్ మీద పర్సెంట్ రాయించకండి, రూపాయలు రాయించండి. ఎందుకో చెప్పాలంటే ఒక ఇంటి లెక్క మొదటి నుంచి చివరి దాకా వేసి చూపించాలి.

ముందుగా ఒక మాట. బెంగళూరులో పని చేసి వచ్చిన మన పిల్లలకు "లీజు" అంటే వేరే అర్థం. అక్కడ లక్షల్లో ఒక్కసారి డబ్బు ఇచ్చేసి, నెల నెలా బాడుగ లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు వెనక్కి తీసుకోవడాన్ని లీజు అంటారు. అది జాయిజా కాదా అన్న బహస్ ఉలమాల దగ్గర చాలా ఉంది. నేను ఆ ముచ్చట ఎత్తడం లేదు. ఇక్కడ లీజు అంటే మూడేళ్ల ముద్దత్‌కు నెల నెలా కిరాయా కట్టే మామూలు ఒప్పందమే.

మా చిన్న ఖాలా కొడుకు కడపలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరు. కర్నూలులో కాస్త మంచి జీతం దొరికింది. భార్య, ఇద్దరు పిల్లలు, ఖాలా, ఖాలూ అందరూ కలిసి మారాలి. మూడేళ్లు కర్నూలులో ఉండి, నాలుగు పైసలు కూడబెట్టుకుని, కడపలో ఉన్న పాత మిద్దె మీద ఒక అంతస్తు వేసుకుని తిరిగి రావాలని వాడి ఇరాదా. పదిహేను రోజులు తిరిగితే రెండు ఫ్లాట్లు మిగిలాయి. మిగిలాయి అంటే, పేరు విన్నాక కూడా ఇస్తామన్న ఇళ్లు రెండు మిగిలాయి. "మాంసం వండుతారా?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయిన ఇళ్లు ఎన్నో వాడు లెక్కపెట్టలేదు. నేనూ అడగలేదు. ఈ మాట ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, ఇల్లు దొరకడమే గగనమైనప్పుడు షర్తులు చదివే ధైర్యం ఉండదు. చదివితే మాలిక్‌కు కోపం వస్తుందేమో, ఇదీ పోతుందేమో అన్న ఖౌఫ్ మనల్ని చూడకుండా సంతకం పెట్టిస్తుంది.

మొదటి ఫ్లాటు నెలకు 9,000. ఏటా 10 పర్సెంట్ ఇజాఫా. మెయింటెనెన్స్ నెలకు 1,000, అది మూడేళ్లూ మారదు. రెండో ఫ్లాటు నెలకు 9,500. ఏటా 5 పర్సెంట్ ఇజాఫా. మెయింటెనెన్స్ అదే 1,000, అదీ మారదు.

"పది పర్సెంటా? అది జుల్మ్ రా," అన్నాడు మా ఖాలూ. "ఐదు పర్సెంట్ ఇల్లే తీసుకో. ఐదొందలు ఎక్కువైతే ఏమైంది, ముందు ముందు నీకే ఫాయిదా." ఖాలా కూడా అదే అంది. మామూ కూడా అదే అన్నాడు. లెక్కల మాస్టరు కూడా తల ఊపాడు.

ఇప్పుడు చూడండి. మొదటి ఫ్లాటులో మొదటి ఏడాది నెలకు 9,000 అంటే పన్నెండు నెలలకు 1,08,000. రెండో ఏడాది 9,900 చొప్పున 1,18,800. మూడో ఏడాది 10,890 చొప్పున 1,30,680. మూడూ కలిపితే బాడుగ 3,57,480. మెయింటెనెన్స్ 36 నెలలకు 36,000. అంతా కలిపి 3,93,480.

రెండో ఫ్లాటులో మొదటి ఏడాది 9,500 చొప్పున 1,14,000. రెండో ఏడాది 9,975 చొప్పున 1,19,700. మూడో ఏడాది నెలకు 10,473 రూపాయల 75 పైసలు, పన్నెండు నెలలకు 1,25,685. మొత్తం బాడుగ 3,59,385. మెయింటెనెన్స్ కలిపితే 3,95,385.

అంటే "జుల్మ్" అనిపించిన పది పర్సెంట్ ఇల్లే మూడేళ్లలో 1,905 రూపాయలు తక్కువ. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా ఏ ఇల్లు సస్తా అనుకున్నారో అది సస్తా కాదు. పర్సెంట్ అనే అంకె ఒక్కటే చూస్తే ఏమీ చెప్పదు. అది దేని మీద పడుతుందో, ఎన్నిసార్లు పడుతుందో తెలిస్తేనే దానికి మతలబ్.

అయితే ఖాలూ మాటలో అసలు లేనిది కాదు. వాడు మూడేళ్ల తర్వాత కూడా అక్కడే ఉండిపోతే? మొదటి ఇంట్లో నాలుగో ఏడాది బాడుగ నెలకు 11,979కి చేరుతుంది. రెండో ఇంట్లో 10,997 దగ్గరే ఉంటుంది. నెలకు దాదాపు వెయ్యి తేడా. నాలుగేళ్ల మొత్తం తీస్తే రెండో ఇల్లే సుమారు 9,900 రూపాయలు తక్కువకు వస్తుంది. కాబట్టి ఏ ఇల్లు మేలు అన్నదానికి జవాబు ఇంట్లో లేదు, మీరు ఎన్నేళ్లు ఉంటారన్న దాంట్లో ఉంది. మూడేళ్లకు కచ్చితంగా తిరిగి వెళ్లేవాడికి తక్కువతో మొదలై ఎక్కువ పెరిగే ఇల్లు ఫరవాలేదు. పిల్లల చదువు అయ్యేదాకా కదలం అనుకునే కుటుంబానికి ఎక్కువతో మొదలై తక్కువ పెరిగే ఇల్లే మంచిది. ముందు మీ నీయత్ తేల్చుకోండి, తర్వాత ఇల్లు.

ఈ లెక్క ప్రతిసారీ ఇంత పొడుగున వేయనక్కరలేదు. మొదటి ఏడాది మొత్తం బాడుగను ఒక అంకెతో గుణిస్తే మూడేళ్ల బాడుగ వచ్చేస్తుంది. ఇజాఫా ఏటా 5 పర్సెంట్ అయితే ఆ అంకె 3.1525. 8 పర్సెంట్ అయితే 3.2464. 10 పర్సెంట్ అయితే 3.31. దానికి 36 నెలల మెయింటెనెన్స్ విడిగా కలపాలి. ఫోన్‌లో ఎక్సెల్ లాంటిది ఉన్నవాళ్లు ఇలా కొట్టినా చాలు:

```
=9000*12*(1+1.10+1.10^2)+1000*36
```

జవాబు 393480 వస్తుంది. ఇందులో 9000 దగ్గర మీ బాడుగ, 1.10 దగ్గర మీ ఇజాఫా, 1000 దగ్గర మీ మెయింటెనెన్స్ పెట్టుకోండి. ఈ మొత్తంలోంచి బాడుగను మాత్రమే తీసి 36తో భాగిస్తే ఇంకో పనికొచ్చే అంకె వస్తుంది. మొదటి ఫ్లాటుకు అది 9,930. అంటే మాలిక్ "మూడేళ్లూ పెంచను, ఒకే బాడుగ ఇవ్వు" అంటే 9,930 దాకా మీకు నష్టం లేదు. 9,800కు ఒప్పుకుంటే మీకు 4,680 మిగులుతుంది. మాలిక్‌కు కూడా మొదటి నెల నుంచే ఎక్కువ చేతికొస్తుంది కాబట్టి చాలామంది దీనికి రాజీ అవుతారు. పర్సెంట్ తగ్గించమంటే ఇజ్జత్ పోయినట్టు ముఖం పెట్టే మాలిక్ కూడా ఈ మాట అంటే కాస్త వింటాడు.

ఇక మెయింటెనెన్స్. నా ఉద్దేశంలో ఎక్కువ ఫసాదు ఇక్కడే పుడుతుంది.

మావాడు మొదటి ఫ్లాటే ఖాయం చేసుకున్నాడు. మాలిక్ తరఫున టైపు చేయించిన కాగజ్ వచ్చింది. అందులో "నెలసరి చెల్లింపుపై ప్రతి సంవత్సరం 10 శాతం పెంపు" అని ఉంది. జబాన్‌తో చెప్పింది బాడుగ మీద పది. కాగజ్ మీద ఉన్నది చెల్లింపు మీద పది. చెల్లింపు అంటే ఏమిటి? బాడుగ 9,000, మెయింటెనెన్స్ 1,000, కలిపి 10,000. దాని మీద పది వేస్తే రెండో ఏడాది 11,000, మూడో ఏడాది 12,100. మనం అనుకున్న లెక్కలో రెండో ఏడాది 10,900, మూడో ఏడాది 11,890. మూడేళ్ల మొత్తం 3,93,480 కాస్తా 3,97,200 అవుతుంది. ఒక్క మాట మారితే 3,720 రూపాయలు. మాలిక్ దగా చేయాలని రాయించాడని నేననడం లేదు. టైపు చేసే అతని దగ్గర పాత నమూనా ఉంటుంది, అందులో పేర్లు మార్చి ఇచ్చేస్తాడు. కానీ రెండేళ్ల తర్వాత తగాదా వచ్చినప్పుడు నిలబడేది కాగజ్, చాయ్ తాగుతూ చెప్పిన మాట కాదు.

ఇలాంటిదే ఇంకో చిన్న మడత. పది పర్సెంట్ అంటే ప్రతిసారీ అప్పటి బాడుగ మీదా, లేక మొదటి 9,000 మీదా? మొదటి బాడుగ మీదే అయితే ఏటా 900 చొప్పున పెరిగి మూడో ఏడాది 10,800 అవుతుంది. 10,890 కాదు. ఏడాదికి 1,080 తేడా. ఇది చిన్నదే. దీని మీద తగవు పడమని చెప్పను. రూపాయల్లో రాయిస్తే ఈ ప్రశ్నే పుట్టదు.

ఫిక్స్‌డ్ మెయింటెనెన్స్ అన్నప్పుడు అందులో ఏమేమి ఉన్నాయో కూడా రాయించాలి. వాచ్‌మన్ జీతం, మెట్ల దగ్గర లైట్లు, లిఫ్ట్ ఉంటే దాని కరెంటు, చెత్త, బోరు మోటారు కరెంటు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. నీళ్ల ట్యాంకర్ సంగతి? మన సీమలో ఇది అడగకుండా ఇల్లు తీసుకోకూడదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు, అక్కడి నుంచే మొదలై కడప జిల్లా దాకా పోయే కేసీ కెనాల్, వీటి పేర్లు చెప్పుకుని మనం బతికేస్తున్నాం కానీ, ఎండాకాలం వచ్చేసరికి అపార్ట్‌మెంట్ బోరు గాలి తోడుతుంది. అప్పుడు ట్యాంకర్ వస్తుంది. ట్యాంకర్ ఖర్చు ఫ్లాటుకింత అని పంచుతారు. ఫిక్స్‌డ్ అన్నది ఆ మూడు నెలలు ఫిక్స్‌డ్‌గా ఉండదు.

ఒక ఫ్లాటుకు నెలకు 300 పడిందనుకోండి. ఏప్రిల్, మే, జూన్. మూడేళ్లలో తొమ్మిది నెలలు, 2,700 రూపాయలు. రెండు ఫ్లాట్ల మధ్య తేడా 1,905 దగ్గర ఇంత సేపు ఆలోచించాం కదా, ట్యాంకర్ ఒక్కటే దాన్ని మింగేసింది. అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మాలిక్‌ను కాదు, పక్క ఫ్లాటు ఆడవాళ్లను అడగండి, పోయిన ఎండాకాలం ఎన్ని ట్యాంకర్లు తెప్పించారని. మీ ఇంటి ఆడవాళ్లు వెళ్తే ఇంకా మంచిది. సంపు ఎంత లోతో, మోటారు ఎన్ని గంటలు ఆడుతుందో, ఎవరి ఫ్లాటుకు పై అంతస్తులో నీళ్లు ఎక్కవో, అన్నీ ఐదు నిమిషాల్లో తెలిసిపోతాయి.

మెయింటెనెన్స్‌కూ మరమ్మత్తుకూ తేడా ఉంది. దీన్ని చాలామంది కలిపేస్తారు. "మెయింటెనెన్స్ కడుతున్నాం కదా, పైకప్పు కారితే మీరే చూడాలి" అని కిరాయేదార్. "మెయింటెనెన్స్ వాచ్‌మన్‌కు, కప్పు సంగతి నీది" అని మాలిక్. మన ఫిఖ్‌లో ఇజారా గురించి చెప్పిన చోట ఇది సాఫ్‌గా ఉంది. ఇల్లు ఉండటానికి పనికొచ్చేలా నిలబెట్టే పెద్ద మరమ్మత్తు యజమాని జిమ్మేదారీ. రోజువారీ వాడకంలో వచ్చే చిన్న పనులు కిరాయేదార్ మీద పెట్టుకోవచ్చు. ఇజారాలో ఉజ్రత్ మాలూమ్ కావాలి, అంటే ఇచ్చే మొత్తం ముందే తెలిసి ఉండాలి అన్న షర్త్ కూడా మీకు తెలిసిందే. మొదట్లోనే తేల్చుకున్న పది పర్సెంట్ లెక్కకు అందుతుంది, కాబట్టి అది మాలూమే. "రెండో ఏడాది నుంచి మార్కెట్ ఎట్లుంటే అట్ల" అని రాసిన కాగజ్ దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగండి. అక్కడ ఇద్దరికీ ఎంతో తెలియదు.

దేశ చట్టం కూడా ఈ విషయంలో దగ్గర దగ్గరగానే మాట్లాడుతుంది, కానీ ఒక మెలిక ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ప్రకారం, మాలిక్ చేయాల్సిన మరమ్మత్తు మనం చెప్పాక కూడా తగిన సమయంలో చేయకపోతే, కిరాయేదార్ తానే చేయించుకుని ఆ ఖర్చు బాడుగలో తగ్గించుకోవచ్చు. మెలిక ఏమిటంటే, "మాలిక్ చేయాల్సిన" అన్న మాట. ఏది మాలిక్ చేయాలో కాగజ్ మీద లేకపోతే ఈ హక్కు గాల్లో ఉంటుంది. "అన్ని మరమ్మత్తులు కిరాయిదారుడివే" అని రాసి ఉంటే, ఆ సెక్షన్‌కన్నా మీరు సంతకం చేసిన ఆ మాటే పైచేయి. కప్పు, గోడల చెమ్మ, పైపు లైను, మెయిన్ కరెంటు వైరింగ్ మాలిక్‌వి అని ఒక్క వాక్యం రాయించుకోండి. కుళాయి వాషరు, ట్యూబ్‌లైటు, తలుపు గడియ మీవి.

అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, కర్నూలు వాళ్లకు ఇది తెలిసి ఉండాలి. వరద వల్లనో, నిప్పు వల్లనో ఇల్లు ఉండటానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, కిరాయేదార్ కావాలనుకుంటే ఆ లీజును రద్దు అనుకోవచ్చు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ల గతి చూసినవాళ్లం. బురద తోసుకునే పనే ఇంత కష్టమంటే, లేని ఇంటికి బాడుగ ఎవరు కట్టాలన్న తగవు ఇంకో కష్టం. అయితే కొన్నాళ్లు నీళ్లు నిలిచి తగ్గిపోతే ఈ మాట వర్తించదు. ఇల్లు నిజంగా పాడైపోవాలి.

ఇప్పుడు పదకొండు నెలల కథకు వస్తాను. మన ఊళ్లలో ఎవరిని అడిగినా "మూడేళ్లు ఉండండి, కాగజ్ మాత్రం పదకొండు నెలలకు రాసుకుందాం, మళ్లీ మళ్లీ రాసుకుందాం" అంటారు. కారణం తెలిసిందే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి, మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం సవరణతో ఏడాదిలోపు లీజులకూ అది తప్పనిసరే. స్టాంపు ఖర్చు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుడు తప్పించుకోవడానికి పదకొండు నెలలు.

ఆ రివాజు సంగతి అలా ఉంచండి. కానీ ఇజాఫా పదకొండు నెలలకు ఒకసారి పడుతోందా, పన్నెండు నెలలకు ఒకసారి పడుతోందా అని ఎవరైనా చూశారా? కాగజ్ మార్చిన ప్రతిసారీ పది పర్సెంట్ పెంచే రివాజు చాలా చోట్ల ఉంది. అదే 9,000 ఇల్లు తీసుకోండి. మొదటి 11 నెలలు 9,000. తర్వాతి 11 నెలలు 9,900. ఆ తర్వాతి 11 నెలలు 10,890. ఇంకా మూడు నెలలు మిగిలాయి, అవి 11,979 చొప్పున. మొత్తం బాడుగ 3,63,627. పన్నెండు నెలలకోసారి పెంచితే 3,57,480. తేడా 6,147 రూపాయలు. మూడేళ్ల మీద మనం ఇప్పటిదాకా వేసిన అన్ని తేడాల్లోకీ ఇదే పెద్దది, ఎవరి కంటికీ కనపడనిది కూడా ఇదే. ఏడాదికి పది అని నోటితో ఒప్పుకుని పదకొండు నెలలకు పది కడుతున్నాం. పదకొండు నెలల కాగజే రాసుకున్నా సరే, "ఇజాఫా ఇంట్లో దిగిన తారీఖు నుంచి పన్నెండు నెలలకు ఒకసారే" అని అందులో రాయించండి. ఏ మాలిక్ కూడా దీనికి కాదనడానికి వజూహాత్ చూపలేడు.

ఇంకొందరు మధ్యే మార్గం అని మూడేళ్లకు కాగజ్ రాసుకుని, రిజిస్టర్ చేయించకుండా బీరువాలో పెట్టేస్తారు. ఇది రెండువైపులా పోయే బేరం. రిజిస్టర్ కాని మూడేళ్ల లీజును కోర్టు మూడేళ్ల లీజుగా చూడదు. నెల నెలా నడిచే కిరాయాగా చూస్తుంది. 2000లో సుప్రీంకోర్టు ఆంటొనీ, ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో ఐదేళ్లకు రాసుకున్న రిజిస్టర్ కాని లీజు గురించి ఇదే చెప్పింది. అంటే మీరు నమ్ముకున్న "మూడేళ్లు కదిలించను" అన్న వాదా కూలిపోతుంది. నెలసరి కిరాయాకు చట్టంలో మామూలు నోటీసు పదిహేను రోజులు. బాడుగ నియంత్రణ చట్టం వర్తించే చోట ఖాళీ చేయించడానికి వేరే నియమాలుంటాయి, కానీ మీ కాగజ్ మీద ఉన్న మూడేళ్లను అవి తిరిగి బతికించవు. మాలిక్‌కు కూడా నష్టమే. రెండో ఏడాది ఇజాఫా కట్టనని కిరాయేదార్ మొండికేస్తే, ఆ షర్త్‌కు సబూత్‌గా చూపించడానికి ఆ కాగజ్ పనికిరాదు.

మూడేళ్లు కచ్చితంగా ఉండాల్సిన కుటుంబం రిజిస్టర్ చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ముఖ్యంగా నడి సంవత్సరంలో బడి మార్చలేని పిల్లలున్నవాళ్లు, మంచం పట్టిన పెద్దలున్నవాళ్లు. ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి, సగం సగం అయినా మేలే. స్టాంపు ఎంతవుతుందో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే చెబుతారు. అక్కడ కూడా అడిగేది పర్సెంట్ కాదు, కట్టే బాడుగ ఎంతని. మనం పైన వేసిన హిసాబ్ చేతిలో ఉంటే జవాబు చెప్పగలరు. కాగజ్ మీద మాలిక్, కిరాయేదార్ ఇద్దరూ దస్తఖత్ చేయాలి, ఒక్కరిది చాలదు.

దుకాణాల సంగతి ఇందులో కలపడం లేదు. వాటి బాడుగ మీద 18 శాతం జీఎస్టీ పడే సందర్భాలున్నాయి, ఆ హిసాబ్ వేరే.

ఇంతవరకు కిరాయేదార్ వైపు నుంచే మాట్లాడాను. మనలో మాలిక్‌లూ ఉన్నారు. భర్త పోయాక పై పోర్షన్ బాడుగతోనే మందులు, పిల్లల ఫీజులు నడిపే బేవా ఔరతులు మా గల్లీలోనే ముగ్గురున్నారు. వాళ్లకు ఫిక్స్‌డ్ మెయింటెనెన్స్ అన్న మాట తీపిగా ఉండదు. మూడేళ్లూ 1,000 అని రాసిచ్చాక, మూడో ఏడాది అపార్ట్‌మెంట్ కమిటీ దాన్ని 1,300 చేస్తే నెలకు 300 తన జేబులోంచి కట్టాలి. ఏడాదికి 3,600. కిరాయేదార్‌ను గుచ్చి అడిగితే "రాసిచ్చావు కదా అమ్మా" అంటాడు, అది సచ్చే. ఇలాంటి మాలిక్‌కు నేను చెప్పేది, మెయింటెనెన్స్ ఫిక్స్‌డ్ అనకండి, "కమిటీ రసీదు ప్రకారం" అని రాయించండి. కిరాయేదార్‌కు రసీదు చూసే హక్కు ఉంటుంది, మీకు నష్టం ఉండదు. లేదూ ఫిక్స్‌డే కావాలంటారా, మొదటి ఏడాది నుంచే 1,100 పెట్టండి. మూడేళ్లకు 39,600 వస్తుంది. రెండేళ్లు 1,000, మూడో ఏడాది 1,300 చొప్పున కమిటీకి మీరు కట్టేదీ అంతే, సరిగ్గా 39,600. ఎవరూ ఎవరినీ ముంచినట్టు కాదు.

మావాడి కాగజ్ చివరికి ఇలా తయారైంది. మొదటి పన్నెండు నెలలు నెలకు 9,000. తర్వాతి పన్నెండు నెలలు 9,900. ఆఖరి పన్నెండు నెలలు 10,890. ఒక్కో బాడుగ ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకానో పక్కనే ఉంది. మెయింటెనెన్స్ 36 నెలలూ 1,000, దాని మీద ఇజాఫా లేదు. ట్యాంకర్ ఖర్చు దీనిలోకి రాదు, కమిటీ చీటీ చూపించి విడిగా తీసుకోవాలి. కప్పు, చెమ్మ, పైపులు, మెయిన్ వైరింగ్ మాలిక్‌వి. పర్సెంట్ అన్న మాట కాగజ్‌లో ఎక్కడా లేదు. అడ్వాన్సు మూడు నెలల మొదటి బాడుగ, అంటే 27,000. బాడుగ పెరిగినప్పుడు అడ్వాన్సు పెంచమని అడగకూడదని కూడా ఒక మాట పెట్టించాడు, అది వాడి తెలివి, నాది కాదు. ఆ డబ్బు మాలిక్ దగ్గర అమానత్, ఖాళీ చేసిన రోజున సున్నం ఖర్చు ఎంత మినహాయిస్తారో కూడా రాసి ఉంది.

మాలిక్ కాస్త గొణిగాడు. "ఇంత రాయడం దేనికి, మనుషుల మీద నమ్మకం లేదా?" అన్నాడు. ఖాలూ జవాబిచ్చాడు, "నమ్మకం ఉంది సాబ్, మా జ్ఞాపకశక్తి మీదే లేదు."

మూడేళ్లు అయ్యాక ఏమిటన్నది మాత్రం కాగజ్‌లో లేదు. అడిగాను. "అప్పటికి మా మిద్దె మీద అంతస్తు లేస్తుంది భాయ్, ఇన్షా అల్లాహ్," అన్నాడు. లేవకపోతే 11,979 దగ్గర మళ్లీ బేరం మొదలవుతుంది.